ఎవరు పంపారో తెలియని డబ్బు: అడిగేదెలా

"అకౌంట్లో 48,500 పడింది, ఇన్వాయిస్ నంబర్ లేదు, పంపిన పేరు మా కస్టమర్లలో ఎవరిదీ కాదు. ఏమని అడగాలి?"

ముందు బ్యాంకుకి ట్రాన్సాక్షన్ రిఫరెన్స్ నంబర్ ఇచ్చి, మీ మెసేజ్ పంపినవాళ్ళకి చేరవేయమనండి, చాలాసార్లు కస్టమర్ బదులు వాళ్ళ ఓనరో గ్రూప్ కంపెనీయో కడతారు కాబట్టి పేరు కలవదు. మెసేజ్ ఇలా రాయండి:

"ఫలానా తేదీన మీ నుంచి మాకు ఒక పేమెంట్ వచ్చింది, రిఫరెన్స్ చివరి నాలుగు అంకెలు ఇవి. ఎంత పంపారో, ఎవరి తరఫునో, ఏ ఇన్వాయిస్‌కో చెప్పి పేమెంట్ అడ్వైస్ పంపగలరా?"

అమౌంట్ మీరు చెప్పొద్దు, వాళ్ళనే చెప్పనివ్వండి, నిజంగా పంపినవాళ్ళకి అది తెలిసే ఉంటుంది. పెండింగ్ ఇన్వాయిస్‌ల లిస్ట్ కూడా పంపకండి, చూసి ఏదో ఒకటి మాదే అనేస్తారు. జవాబొచ్చేదాకా ఎవరిదో తేలని డబ్బు చూపించే సస్పెన్స్ అకౌంట్లో ఉంచండి, 30,000 ఇన్వాయిస్ ఒకటి 18,500ది ఒకటి కలిపితే సరిపోయిందని ఊహించి ఎవరి ఖాతాలోనూ జమ చేయొద్దు, చేస్తే తర్వాత నిజంగా కట్టిన కస్టమర్‌కి బాకీ ఉన్నావని రిమైండర్ వెళ్తుంది.

పొరపాటున పంపాం, వేరే అకౌంట్‌కి తిరిగి వేయండి అంటే మాత్రం అస్సలు వేయకండి, అది మోసం కావచ్చు, డబ్బు వచ్చిన అకౌంట్‌కే బ్యాంకు ద్వారా వెనక్కి పంపించండి.