30 దగ్గర కట్టేసినా ఆట ఎందుకు కుదుపుతోంది: గేమ్ క్యాప్, డ్రైవర్ క్యాప్, RTSS

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ స్క్రీన్ 60 హెర్ట్జ్. ఆట సెకనుకు 60 ఫ్రేమ్‌లు నిలబెట్టలేకపోతోందని గేమ్ సెట్టింగ్స్‌లో 30 పెట్టాను. కౌంటర్ 30 నుంచి కదలదు, అయినా మధ్యమధ్యలో కుదుపులు. డ్రైవర్‌లో క్యాప్ పెట్టాలా, RTSS అనే ప్రోగ్రామ్‌తో క్యాప్ పెట్టాలా, మూడూ కలిపి పెట్టొచ్చా?

జవాబు:

నాకు సరిగ్గా ఇదే జరిగింది. పాత ల్యాప్‌టాప్, 60 హెర్ట్జ్ ప్యానెల్, వేరియబుల్ రిఫ్రెష్ లేదు, వీసింక్ ఆన్. ఓపెన్ వరల్డ్ ఆట 40 నుంచి 55 మధ్య ఊగుతుంటే 30 దగ్గర కట్టేశాను. అప్పుడొక వింత గమనించాను. ఓ పావు నిమిషం వెన్నలా సాగేది, తర్వాత ఐదు సెకన్లు తడబడేది, మళ్లీ వెన్న. ఇది దాదాపు 20 సెకన్లకోసారి తిరిగి వచ్చేది. మీరూ గడియారం పెట్టుకుని చూడండి. కుదుపులు ఇలా లెక్కగా వస్తుంటే మీది కూడా ఇదే జబ్బు. కొత్త చోటికి వెళ్లినప్పుడో, మొదటిసారి పేలుడు చూసినప్పుడో మాత్రమే వస్తే అది షేడర్ల తయారీయో, ఫైల్ లోడింగో. దాన్ని ఏ క్యాపూ బాగుచేయదు.

కౌంటర్‌ను నమ్మకండి, అది సెకనుకు సగటు మాత్రమే చెబుతుంది. నేను ఫ్రేమ్ సమయాలు కొలిచే PresentMonతో రికార్డ్ చేసి రెండు కాలమ్‌లు పక్కపక్కన పెట్టుకున్నాను. ఆట ఫ్రేమ్‌ను అందించే వ్యవధి `MsBetweenPresents`లో 31 నుంచి 35 మిల్లీసెకన్ల మధ్య ఉంది, పెద్ద తేడా కాదు. కానీ ఆ ఫ్రేమ్‌లు నిజంగా తెర మీద మారిన వ్యవధి `MsBetweenDisplayChange`లో, తడబడే ఐదు సెకన్లలో 16.7, 50, 16.7, 50 అని కనిపించింది. సగటు తీస్తే 33.3 వస్తుంది, అందుకే కౌంటర్ 30 అంటోంది. కంటికి మాత్రం ఒక ఫ్రేమ్ తొందరగా వెళ్లిపోయి, ఇంకోటి అతుక్కుపోయినట్టు ఉంటుంది.

కారణం ఏమిటంటే, క్యాప్ నడిచేది ప్రాసెసర్ గడియారం మీద, తెర నడిచేది తన సొంత గడియారం మీద. నా ప్యానెల్ పేరుకే 60, కొలిస్తే 59.951 హెర్ట్జ్. 30 క్యాప్‌కు సెకనుకు సరిగ్గా 60 రిఫ్రెష్‌లు కావాలి, తెర ఇస్తున్నది 59.951. అంటే ఫ్రేమ్ వచ్చే క్షణం, తెర మారే క్షణంతో పోలిస్తే సెకనుకు దాదాపు 0.8 మిల్లీసెకను జరిగిపోతూ ఉంటుంది. సుమారు 20 సెకన్లలో ఒక పూర్తి రిఫ్రెష్ దాటుతుంది. ఒక రిఫ్రెష్‌కూ తర్వాతి దానికీ మధ్య ఉన్న ఆ గీత దాటేటప్పుడే గొడవంతా. గీతకు కాస్త ముందొచ్చిన ఫ్రేమ్ ఈ రిఫ్రెష్‌లో పడుతుంది, కాస్త ఆలస్యమైనది తర్వాతి దాంట్లో పడుతుంది.

మూడు క్యాప్‌ల మధ్య తేడా తేలేది ఇక్కడే. ఫ్రేమ్ అందే సమయం ఎంత అటూ ఇటూ ఊగితే, గీత దగ్గర అంతసేపు చిక్కుకుంటాం. నా ఆటలో సొంత క్యాప్ ఊపు రెండు వైపులా 2 మిల్లీసెకన్లు, మొత్తం 4. సెకనుకు 0.8 చొప్పున 4 దాటాలంటే ఐదు సెకన్లు పడుతుంది. నేను చూసిన ఐదు సెకన్లు అవే. ఈ లెక్క కుదిరిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

గేమ్ క్యాప్ ఎందుకు ఊగుతుంది? అది వేచి ఉండేది ఫ్రేమ్ మొదట్లో. ఆగి, తర్వాత మీ బటన్ చదివి, లెక్కలు చేసి, బొమ్మ గీయిస్తుంది. ఆ పని ఒక ఫ్రేమ్‌కు 8 మిల్లీసెకన్లు, ఇంకోదానికి 11 పడితే ఆ తేడా అంతా చివర్లో బయటపడుతుంది. RTSS అలా కాదు. పని అయ్యాక, ఆట ఫ్రేమ్‌ను అప్పగించే `Present` పిలుపు దగ్గర పట్టుకుని సమయానికి వదులుతుంది. పనిలోని హెచ్చుతగ్గులను ఆ వేచి ఉండటమే మింగేస్తుంది. నా దగ్గర ఊపు 0.2 మిల్లీసెకనుకు పడిపోయింది, ఐదు సెకన్ల తడబాటు పావు సెకను అయింది.

దీనికి ధర ఉంది. బటన్ చదివేసిన ఫ్రేమ్ తయారై కూడా వరుసలో నిలబడుతుంది కాబట్టి, గేమ్ క్యాప్‌తో పోలిస్తే దాదాపు ఒక ఫ్రేమ్ దాకా ఆలస్యం పెరగవచ్చు. 144 దగ్గర ఒక ఫ్రేమ్ అంటే 7 మిల్లీసెకన్లు, 30 దగ్గర 33. కంట్రోలర్‌తో నింపాదిగా ఆడే ఆటలో నేను భరించాను. షూటర్‌లో మౌస్‌తో అయితే భరించను, అక్కడ గ్రాఫిక్స్ తగ్గించి 60కి తెచ్చుకుంటాను.

డ్రైవర్ క్యాప్ గురించి చెప్పడానికి తక్కువే ఉంది. ఎన్విడియా 2020 జనవరిలో కంట్రోల్ ప్యానెల్‌లోకి తెచ్చిన `Max Frame Rate` పేసింగ్‌లోనూ ఆలస్యంలోనూ RTSSకు దగ్గరగానే నడుస్తుంది. ఆట లోపలికి వేరే ప్రోగ్రామ్ చొరబడదు కాబట్టి యాంటీచీట్ ఉన్న ఆన్‌లైన్ ఆటల్లో నేను ఇదే వాడతాను. లోటు ఒక్కటే, పూర్ణ సంఖ్యలే ఇవ్వాలి. మన జబ్బుకు మందు దశాంశంలో ఉంది.

59.951లో సగం 29.9755. RTSSను పూర్తిగా మూసేసి, దాని ఫోల్డర్‌లో `Profiles` లోపలున్న `Global` ఫైల్‌లో ఈ రెండు విలువలు మార్చాను:

```
[Framerate]
Limit=29975
LimitDenominator=1000
```

అంటే 29.975. దాని రెట్టింపు 59.950, తెరతో తేడా 0.001 మాత్రమే. గీత దాటడం ఇప్పుడు 20 సెకన్లకు కాదు, దాదాపు 17 నిమిషాలకోసారి. అయితే జరుగుడు ఇంత నెమ్మదైనప్పుడు, ఆట మొదలైన క్షణం సరిగ్గా గీత మీద పడితే అక్కడే చాలాసేపు ఇరుక్కుంటారు. అలా అయితే క్యాప్‌ను ఒకసారి తీసేసి మళ్లీ పెట్టండి, వేరే చోట పడుతుంది. మీ తెర అసలు రేటు testufo.com/refreshrate లో కొన్ని నిమిషాలు వదిలేసి కొలవండి. నా సంఖ్య మీకు పనికిరాదు, ప్రతి ప్యానెల్‌దీ వేరు.

మూడూ కలిపి ఒకే సంఖ్య దగ్గర పెట్టకండి. రెండు గడియారాలు ఒకే పని చేయబోయి ఒకదాని నిరీక్షణ ఇంకోదాని మీద పడుతుంది, గ్రాఫ్ మళ్లీ రంపం పళ్లలా అవుతుంది. గేమ్‌లో క్యాప్ తీసేయండి, తీసేసే వీలు లేకపోతే 60కి పెంచండి. డ్రైవర్‌లో ఆఫ్, RTSSలో 29.975, వీసింక్ ఆన్. నేను ఇప్పటికీ ఇలాగే ఆడుతున్నాను.

రేపు జీసింక్ లేదా ఫ్రీసింక్ తెర కొంటే ఈ లెక్కంతా తిరగబడుతుంది. అక్కడ, ఆ తెర పరిధి లోపల ఉన్నంతవరకు, తెరే ఫ్రేమ్ కోసం ఆగుతుంది కాబట్టి దాటడానికి గీతే ఉండదు. అప్పుడు ఆలస్యం తక్కువగా ఉండే గేమ్ క్యాప్‌నే ముందు ప్రయత్నించండి, 144 తెరకు 141 లాగా కాస్త కింద. ఆ ఆట క్యాప్ మరీ ఊగుతుంటేనే RTSS వైపు వెళ్లండి.