క్లాస్ వీడియోకి హిందీ గొంతు పెట్టాలంటే ఏ టెక్నిక్?

ప్రశ్న: సార్, దిల్‌సుఖ్‌నగర్‌లో లెక్కల కోచింగ్ చెప్తాను. నా 12 నిమిషాల తెలుగు క్లాస్ వీడియోకి నేనే హిందీలో ఆడియో రికార్డ్ చేశా. ఫేస్ స్వాప్ యాప్‌లో పెడితే మొహం ఏదోలా వచ్చింది, పెదాలు మాత్రం తెలుగుకే కదులుతున్నాయి. హెడ్ స్వాప్, రీనాక్ట్‌మెంట్, లిప్ సింక్ అని ఇంకా ఏవో ఉన్నాయి. నాకు ఏది కావాలి?

జవాబు: లిప్ సింక్ అండి. మిగతా మూడూ మీకు అక్కర్లేదు. ఇదే ప్రశ్న నాకు నెలనెలా వస్తోంది, తప్పు అడిగేవాళ్లది కాదు, నాలుగు వేరు వేరు పనుల్ని ఒకే "ఫేస్ స్వాప్" బటన్ కింద తోసేసే యాప్‌లది.

వీడియోలో ఏది ఉండాలి, ఏది మారాలి అని చూస్కోండి చాలు. ఫేస్ స్వాప్‌లో కనుబొమ్మల నుంచి గడ్డం దాకా మొహం మాత్రమే వేరేవాళ్లది అవుతుంది, జుట్టు, చెవులు, తల ఆకారం, పెదాల కదలిక అన్నీ పాత వీడియోవే. అందుకే మీ పెదాలు తెలుగులోనే ఉండిపోయాయి. హెడ్ స్వాప్‌లో జుట్టుతో సహా తలంతా మారుతుంది, కష్టమంతా మెడ దగ్గరే, చర్మం రంగు కలవక అతుకు కనిపిస్తుంది. రీనాక్ట్‌మెంట్‌లో మనిషి మారడు, కదలిక మారుతుంది: ఒక ఫొటో ఇచ్చి, ఇంకొకరి వీడియో ఇస్తే ఫొటోలో మనిషి వాళ్లలాగా తల తిప్పి నవ్వుతాడు. లిప్ సింక్‌లో ఆడియోని బట్టి నోటి చుట్టూ భాగం మాత్రమే మళ్లీ గీస్తారు.

దీంట్లో బాగా పేరున్న Wav2Lip ప్రోగ్రామ్ మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలోనే పుట్టింది, 2020లో. సొంత కంప్యూటర్‌లో నడిపే కమాండ్ ఇదీ:

```
python inference.py --checkpoint_path wav2lip_gan.pth --face class.mp4 --audio hindi.wav --pads 0 20 0 0
```

చివర్లో ఆ 20 గడ్డం కింద కొంచెం ఎక్కువ జాగా కలుపుతుంది, లేకపోతే గడ్డం తెగిపోయినట్టు వస్తుంది.

మీకు మొదట తగిలే దెబ్బ బోర్డు దగ్గర. మీరు వెనక్కి తిరిగి లెక్క రాస్తుంటారు కదా, అక్కడ మొహం దొరక్క ప్రోగ్రామ్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, ప్రతి ఫ్రేమ్‌లో మొహం ఉండాల్సిందే. అందుకే మొహం కనిపించే ముక్కల్ని వేరుగా కట్ చేసి వాటికే లిప్ సింక్ చేయండి, వీపు కనిపించే చోట ఆడియో మార్చి వదిలేస్తే చాలు. ఇంకోటి, ఆడియో పొట్టిదైతే వీడియో అక్కడే తెగిపోతుంది, పొడుగైతే వీడియో మళ్లీ మొదటి ఫ్రేమ్ నుంచి తిరుగుతుంది. అందుకే ఒక్కో ముక్కకి సరిపడా హిందీ మాట చెప్పి, చివర మిగిలితే నిశ్శబ్దం కలపండి.

క్వాలిటీకి కూడా హద్దుంది. ఇది మొహాన్ని 96 పిక్సెల్స్ చదరంలోనే గీస్తుంది, మీ వీడియోలో మొహం 300 పిక్సెల్స్ ఉంటే మూడింతలు సాగదీసినట్టు, మీసం మసకబారి పళ్లు ఒక తెల్ల పట్టీలా అయిపోతాయి. క్లోజప్ కాకుండా నడుము దాకా కనిపించే షాట్ అయితే ఇది అంతగా తెలియదు. పని అయ్యాక ప, బ, మ పలికే చోట వీడియో ఆపి చూడండి, పెదాలు పూర్తిగా మూసుకోకపోతే సింక్ తప్పినట్టే.

ఒక అడ్డంకి ఉంది: Wav2Lip చేసినవాళ్లు బయటపెట్టిన ఆ ఫైల్స్ పర్సనల్, రీసెర్చ్ వాడకానికే, ఫీజు తీసుకునే క్లాసుకి కాదు. ట్రయల్ దీంతో చేసుకోండి, అమ్మే వీడియోకి మాత్రం కమర్షియల్ లైసెన్స్ ఉన్న టూల్ చూస్కోండి.

నన్ను ఎక్కువ భయపెట్టేది మాత్రం ఇది. ఫ్రీ అని కనిపించిన సైట్‌లో మీ 12 నిమిషాల క్లాస్, దాని పక్కన మీ సొంత గొంతు రెండూ కలిపి అప్‌లోడ్ చేయకండి. మీ గొంతుని కాపీ చేయడానికి అందులో నిమిషం కూడా అక్కర్లేదు, తర్వాత అదే మొహంతో, అదే గొంతుతో "ఈ నెల ఫీజు ఈ కొత్త నంబర్‌కి వేయండి" అనే వీడియో మీ స్టూడెంట్స్ పేరెంట్స్ గ్రూప్‌లోకి వస్తే వాళ్లు ఎందుకు అనుమానిస్తారు? నా దగ్గరికి వచ్చే మెసేజ్‌లలో సగం మంది ఫైల్ పెట్టేసి, పని అయ్యాక డిలీట్ నొక్కితే సరిపోతుందనుకుంటున్నారు, ఆ బటన్ వాళ్ల సర్వర్‌లో ఏం చేస్తుందో మనకి కనిపించదు కదండీ. డబ్బులు కట్టి వాడే టూల్ అయినా, ఫైల్స్ ఎన్నాళ్లు ఉంచుతారో, వాటితో వాళ్ల మోడల్‌కి ట్రైనింగ్ ఇస్తారో లేదో చదివాకే పెట్టండి.

పేరెంట్స్‌కి ఇప్పుడే ఒక మెసేజ్ పెట్టండి: ఫీజు నంబర్ మారితే వీడియోలో చెప్పను, ఆఫీస్ కౌంటర్ దగ్గరే చెప్తాను అని. ఎవరైనా అప్పటికే డబ్బు పంపేసి ఉంటే వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి, ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు వేరే అకౌంట్లకి వెళ్లిపోతుంది.