శని కాదు, అమ్మ

"నాకు 33 ఏళ్లు. కావలి నుంచి రోజూ రైల్లో ఒంగోలు వెళ్లి ఉద్యోగం చేస్తున్నాను. 2021లో ఆఫీసులో ఒకాయన పరిచయమయ్యారు. ఆయన పెళ్లి చేసుకుందామంటున్నారు, నేనే వాయిదా వేస్తున్నాను. నాది కర్కాటక లగ్నం. ఏడో ఇంట, మకరంలో శని, శుక్రుడు కలిసి ఉన్నారు. శుక్రుణ్ణి శని పట్టాడని, సంసారం నిలవదని జ్యోతిష్కుడు చెప్పారట. అమ్మ అప్పట్నుంచి ఒకటే ఏడుపు. నాన్న లేరు. ఇంటి లోను నా జీతంలోంచే పోతోంది. తమ్ముడికి రెండేళ్ల క్రితం బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. అమ్మ ఏటా రొట్టెల పండుగకి నెల్లూరు వెళ్లి నాకోసం పెళ్లి రొట్టె పట్టుకుంటుంది. శాంతి చేయించమంటారా, శని మారేదాకా ఆగమంటారా?"

శాంతి చేయించుకుంటే చేయించుకోండి, తైలాభిషేకం వల్ల ఎవరికీ నష్టం లేదు. ఆగడం మాత్రం వద్దు. 2025 మార్చి చివర్లో మీనంలోకి వచ్చిన శని అక్కడ రెండేళ్ల పైనే ఉంటాడు. అక్కడి నుంచి ఆయన చూపు వృషభం, కన్య, ధనుస్సుల మీద పడుతుంది కానీ మీ మకరం మీద పడదు. అలాంటప్పుడు ఆయన మారితే మీకేం ఒరుగుతుంది?

జాతకం సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే దాన్ని మీకు సగమే చదివి వినిపించారు. శుక్రుడు ప్రేమకీ దాంపత్యానికీ కారకుడు. శనికి తొందర తెలియదు, బాధ్యత తెలుసు. వీళ్లిద్దరూ కలిసినచోట మనిషి ఇష్టాన్ని నోరు తెరిచి చెప్పడానికి జంకుతుంది. ఎదుటివాడు నిలబడేవాడా కాదా అని ఏళ్ల తరబడి చూస్తుంది. తన సుఖం కన్నా ఇంటి బాధ్యత ముందు చూసుకుంటుంది. ఆలస్యం వచ్చేది ఇందువల్లే. అంతేగానీ ఈ రెండూ శత్రు గ్రహాలు కావు, మిత్రులు. వృషభ, తులా లగ్నాలకు శని యోగకారకుడైతే మకర, కుంభ లగ్నాలకు శుక్రుడు యోగకారకుడు. శని ఉచ్చ పొందేది శుక్రుడి ఇల్లైన తులలోనే.

పైగా మీ చక్రంలో ఏడో ఇంటి అధిపతి శనే, ఆయన తన ఇంట్లోనే ఉన్నాడు. ఏడో స్థానంలో ఆయనకు దిగ్బలం. లగ్నకేంద్రంలో స్వక్షేత్రం కాబట్టి శశయోగమూ ఉంది. ఎవరైనా తాను కాపురమున్న ఇంటి గోడ తానే పడగొట్టుకుంటారా? శుక్రుడు ఏడులో ఉంటే 'కారకో భావనాశాయ', అంటే కారకుడు తన స్థానంలోనే ఉంటే దాని ఫలాన్ని చెడగొడతాడు అని కొందరు భయపెడతారు. భావాధిపతి స్వక్షేత్రంలో ఉన్నప్పుడు ఆ మాటను అంత కఠినంగా పట్టుకోనవసరం లేదు. శుక్రుడు కన్యలో నీచపడో, రవికి మరీ దగ్గరై అస్తంగతుడయ్యో ఉండి, శని చూపు కూడా తగిలితే అప్పుడు జాగ్రత్త చెప్తారు. అది కూడా జాగ్రత్తే, తీర్పు కాదు. ఇంకో విషయం గమనించారా? 2020 జనవరి నుంచి 2023 జనవరి దాకా, 2022లో రెండున్నర నెలలు తప్ప, శని మీ మకరంలోనే తిరిగాడు. మీ ఆఫీసులో ఆయన మీకు పరిచయమైంది ఆ మధ్యలోనే. అడ్డుపడే శని అయితే సంబంధాన్ని తెచ్చి గుమ్మంలో నిలబెడతాడా?

ఇక అసలు సంగతి. మొహర్రంకి స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి పెళ్లి రొట్టె అందుకునే తల్లి, పెళ్లికొడుకు ఎదురుగా ఉంటే జాతకం తీసి ఏడుస్తోందంటే ఆమె భయం శని గురించి కాదు. మీరు వెళ్లిపోతే లోను ఎవరు కడతారన్నదే ఆమె టెన్షన్. ఆ మాట పైకి అనలేక జ్యోతిష్కుడి మాటను అడ్డం పెట్టుకుంటోంది. మీకూ అది తెలుసు. అందుకే పెళ్లి అడిగిన ఆయనకి జవాబు చెప్పకుండా నన్ను శాంతి గురించి అడుగుతున్నారు. అమ్మని చూసుకోవడం మీ ధర్మం, కాదనను. కానీ ఉద్యోగం చేస్తున్న తమ్ముణ్ణి వదిలేసి కూతురు ఒక్కతే ఇల్లు మోయాలన్నది ఏ ధర్మమో నాకు అర్థం కాదు. అలా మోసి తర్వాత అమ్మని తిట్టుకునే ఆడపిల్లల ఉత్తరాలు నాకు చాలానే వస్తాయి.

కాబట్టి తమ్ముడు ఈసారి ఇంటికొచ్చినప్పుడు ముగ్గురూ కూర్చోండి. లోను పాసుబుక్కు ముందు పెట్టి, ఇంకా ఎంత బాకీ ఉంది, వాడు నెలకి ఎంత కడతాడు, పెళ్లయ్యాక మీరు ఎంత పంపుతారు అన్నది అమ్మ వినేలా తేల్చుకోండి. ఆ పంపే మొత్తం ముందే ఆయనకీ చెప్పండి. ఆయన మొహం మాడ్చుకుంటే అది మీరు ఇప్పుడే తెలుసుకోవాల్సిన విషయం. సరేనంటే, ముహూర్తం పెట్టించడానికి అదే జ్యోతిష్కుడి దగ్గరికి అమ్మని తీసుకుని మీరే వెళ్లండి.