వారంటీ క్లెయిముల ఉద్యోగం: మరమ్మతు ఖర్చు ఎవరిదో తేల్చే సీటు

"మావాడు బీకాం కంప్యూటర్స్ ముగించాడు. తిరుపతిలో పాల కూలర్లు అమ్మే డీలరు దగ్గర సర్వీస్ కోఆర్డినేటర్‌గా రమ్మన్నారు. వారంటీ క్లెయిములు, సర్వీస్ ఆర్డర్లు ఈఆర్‌పీ అనే కంపెనీ పనులు నడిపే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడమే పని అంట. ఇది ఉత్త డేటా ఎంట్రీయే కదా సార్? ఇందులో చేర్చేదా, అప్పు చేసైనా శాప్ అనే ఈఆర్‌పీ కోర్సు చేయించేదా?"
– ఒక తండ్రి, చిత్తూరు

చేర్పించండి. కోర్సు కోసం ఇప్పుడే అప్పు చేయొద్దు. అయితే ఆ సీట్లో మీవాడికి ఏం అప్పగిస్తారో చేరేముందే కనుక్కోండి. ఫోనులో విన్న ఫిర్యాదును తెర మీద ఎక్కించి ఊరుకునేదైతే మీరన్న మాట నిజమే. ఫలానా మరమ్మతు ఖర్చు కస్టమర్ భరించాలా, డీలరు భరించాలా, తయారీ కంపెనీ భరించాలా అని తేల్చే పని అయితే మాత్రం అది నేర్చుకోదగ్గ విద్య. తేడా ఎక్కడుందో ఒక కేసు అనుకుని చూద్దాం.

పలమనేరు దగ్గర ఒక పాల సేకరణ కేంద్రం ఈ డీలరు దగ్గర బల్క్ మిల్క్ కూలర్ కొన్నదనుకోండి. డీలరు దాన్ని 2024 మార్చి 28న పంపాడు. షెడ్డు పూర్తి కాలేదు, త్రీ ఫేజ్ కనెక్షన్ ఆలస్యమైంది. మే 10న గాని యంత్రం నడవలేదు. ఏడాది తిరక్కుండానే, 2025 మే 2న, కంప్రెసర్ ఆగిపోయింది. రెండు పూటలా పాలు వచ్చే చోటు అది, కూలింగ్ లేకపోతే విరిగిపోతాయి. ఫోను మోగుతుంది.

మీవాడు సీరియల్ నంబరు కొడతాడు. వారంటీ అయిపోయిందని తెర చెబుతుంది. ఎందుకంటే ఆ ఐటమ్‌కు వారంటీ 365 రోజులని పెట్టి, డెలివరీ తేదీ నుంచి లెక్కించేలా వదిలేశారు. ఎంట్రీ మాత్రమే చేసే మనిషి దాన్ని నమ్మి డబ్బులు తీసుకునే సర్వీస్ ఆర్డరు తెరుస్తాడు. పని తెలిసినవాడు వారంటీ కార్డు తీస్తాడు. అందులో "నడిపించిన రోజు నుంచి 12 నెలలు లేదా పంపిన రోజు నుంచి 18 నెలలు, ఏది ముందైతే అది" అని ఉంటుంది. యంత్రాల వ్యాపారంలో ఇది చాలా మామూలు షరతు. మొదటి లెక్కన గడువు 2025 మే 9. రెండో లెక్కన సెప్టెంబరు 27. ముందొచ్చేది మే 9. కాబట్టి యంత్రం ఇంకా వారంటీలోనే ఉంది, వారం రోజుల తేడాతో.

ఆ వారం దక్కాలంటే మే 10న నడిపించినట్టు కస్టమర్ సంతకం చేసిన కమిషనింగ్ రిపోర్టు ఉండాలి. అది టెక్నీషియన్ సంచిలో నలిగిపోతే, తయారీ కంపెనీ ఒప్పుకోదు. రిపోర్టు వచ్చిన రోజే యంత్రం రికార్డుకు తగిలించి, వారంటీ మొదలైన తేదీ సరిచేయడం ఈ ఉద్యోగంలో మొదటి బాధ్యత. అట్లాగే ఫోను వచ్చిన పూటే ఫిర్యాదు నమోదు కావాలి. శాప్‌లో అయితే `IW51` కోడ్‌తో ఫిర్యాదు నోటిఫికేషన్, ఆ తర్వాత `IW31`తో సర్వీస్ ఆర్డరు. టెక్నీషియన్ 11వ తేదీకి గాని చేరలేకపోయినా, చెడిపోయింది 2వ తేదీనే అని చూపించేది ఆ నోటిఫికేషనే.

ఇక అసలు కథ కంప్రెసర్ మార్చిన తర్వాత ఉంది. డీలరు తన స్టాకులోంచి కొత్తది తీసి, సర్వీస్ ఆర్డరు మీద ఇష్యూ చేయించి బిగించాడు. కస్టమర్ బిల్లు సున్నా. కంప్రెసర్ ధర 40 వేలనుకుంటే ఆ 40 వేలు, గ్యాసు, కూలి, దారి ఖర్చు ఇప్పటికి డీలరు జేబులోంచే పోయాయి. కస్టమర్‌కు డీలరు ఇచ్చే వారంటీ ఒకటి, తయారీ కంపెనీ డీలరుకు ఇచ్చేది ఇంకొకటి. రెండో దాని కింద క్లెయిము పంపితే, కంపెనీ ఒప్పుకున్న మేరకే డబ్బు తిరిగొస్తుంది. కంపెనీ సాధారణంగా ఒక్కో పద్దు విడివిడిగా చూస్తుంది. కంప్రెసర్‌కు సరే అనొచ్చు, కూలికి తన రేటే కట్టొచ్చు, గ్యాసు వారంటీలో రాదనొచ్చు.

క్లెయిము మొత్తాన్ని కంపెనీ తిప్పిపంపే సందర్భాలు కూడా తక్కువేం కాదు. పల్లెల్లో ఒక ఫేజు పోయినా, ఓల్టేజీ బాగా పడిపోయినా మోటారు వైండింగ్ కాలిపోతుంది. అప్పుడు తప్పు కరెంటుది, తయారీ లోపం కాదు అని కంపెనీ అంటుంది. కాబట్టి టెక్నీషియన్ రిపోర్టులో మూడు ఫేజుల ఓల్టేజీ రీడింగులు, వైండింగ్ రెసిస్టెన్స్, సీరియల్ నంబరు కనబడేలా నేమ్‌ప్లేట్ ఫొటో ఉండాలి. "కంప్రెసర్ పోయింది, మార్చాము" అని రాసిన క్లెయిము తిరిగి రాకుండా ఉంటే అదృష్టమే. రీడింగులు చూశాక తప్పు నిజంగా కరెంటుదే అని తేలితే, దాన్ని క్లెయిముగా పంపకుండా ఆ సంగతి కస్టమర్‌తో అప్పుడే చెప్పాలి. కటువైన పనే, మీవాడికి ఓపిక ఉందా అనేది మీరు చూసుకోవాలి.

పాత కంప్రెసర్‌కు క్లెయిము నంబరు కట్టి, కంపెనీ చెప్పిన గడువులో వెనక్కి పంపాలి. రాగి ఉంది కదా అని దాన్ని ఎవరో పాత ఇనుము కొట్టుకు వేశారంటే 40 వేలు మునిగినట్టే. అట్లాగే ఈఆర్‌పీలో యంత్రం రికార్డులోంచి పాత కంప్రెసర్ సీరియల్ తీసేసి, కొత్తది ఎక్కించాలి. అది మరిస్తే వచ్చే ఏడాది ఫిర్యాదులో నేమ్‌ప్లేట్ నంబరు, రికార్డు నంబరు కలవవు. కొత్త భాగానికి మళ్లీ ఏడాది వారంటీ వస్తుందని కస్టమర్లు అనుకుంటారు. చాలా కంపెనీలు మిగిలిన గడువే ఇస్తాయి. అంటే ఈ కేసులో మే 9తో సరి. అందుకే ఆ వారంలోనే ఏఎంసీ, అంటే ఏటా చేసుకునే మెయింటెనెన్స్ ఒప్పందం, మాట ఎత్తాలి, అందులో విడిభాగాలు కలిశాయా, పని వరకేనా అనేది కాగితం మీద తేల్చాలి.

బీకాం చదివినవాడికి ఇక్కడ ఒక మేలుంది. వారంటీలో ఉచితంగా భాగం మార్చితే కస్టమర్ దగ్గర విడిగా జీఎస్టీ తీసుకోనక్కరలేదు. డీలరు సొంత స్టాకు వాడి కంపెనీకి ఇన్‌వాయిస్ వేస్తే మాత్రం దాని మీద జీఎస్టీ ఉంటుంది. 2023 జులై 17న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సీబీఐసీ ఇచ్చిన 195వ నంబరు సర్క్యులర్ దీన్ని వివరించింది. ఈ సర్క్యులర్ చదివి వెళితే మొదటి నెలలోనే అకౌంటెంటుకు దగ్గరవుతాడు.

శాప్ కోర్సు సంగతి. చాలాచోట్ల తెరలు, బటన్లు నేర్పుతారు. క్లెయిము ఎందుకు తిరిగొచ్చిందో చూసినవాడికి ఆ తెరలు తర్వాత త్వరగా వస్తాయి. ఈలోగా ఇంట్లో ఈఆర్‌పీనెక్స్ట్ పెట్టుకోమనండి, ఓపెన్ సోర్స్, డబ్బు కట్టనక్కరలేదు. ఒక ఐటమ్‌కు `Has Serial No` టిక్ చేసి, ఆ సీరియల్ రికార్డులో `Warranty Expiry Date`, `Maintenance Status` చూసి, మనం అనుకున్న కేసు మొత్తం `Warranty Claim`లో నడిపించమనండి. డీలరు దగ్గర అసలు ఈఆర్‌పీ ఉందా, టాలీ, ఎక్సెల్‌తోనే నెట్టుకొస్తున్నారా అనేదీ అడగండి. రెండో రకమైతే నేర్చుకునేది సగమే. రెండుమూడేళ్ల తర్వాత మేలైన చోటు తయారీ కంపెనీల్లో క్లెయిములు మంజూరు చేసే విభాగం. శ్రీసిటీలో ఏసీ ఫ్యాక్టరీలు ఉన్నాయని అక్కడే దొరుకుతుందని అనుకోవద్దు, దానికోసం చెన్నైకో బెంగళూరుకో పోవలసి రావచ్చు.

ఇంటర్వ్యూలో మీవాడు డీలరును ఒక్క ప్రశ్న అడగాలి: "గత నెలలో కంపెనీ తిప్పిపంపిన క్లెయిములు ఎవరు చూశారు?" అకౌంటెంటు చూస్తాడంటే, వారానికొకసారి ఆయన పక్కన కూర్చోనిస్తారా అని అడగమనండి. ఎవరూ చూడలేదంటే, ఆ ఫైలు తనకే ఇమ్మనమనండి.