బ్రేకు, అగ్గిపుల్ల: రెండింట్లోనూ ఘర్షణే

అమ్మా, బ్రేకు పడితే సైకిల్ ఆగుతుంది, అగ్గిపుల్ల గీస్తే మండుతుంది. రెండింటికీ కారణం ఒకటే అంటారేంటి?

ఒకదాన్నొకటి తాకుతూ జారే వస్తువులను అడ్డుకునే బలమే ఘర్షణ కన్నా, అది కదలికను వేడిగా మారుస్తుంది. ఎంత నున్నగా కనిపించినా వస్తువుల మీద కంటికి కనపడని ఎత్తుపల్లాలుంటాయి. తాకిన చోటల్లా అవి అతుక్కుంటూ, విడిపోతూ వేడెక్కుతాయి.

నువ్వూ సైకిలూ కలిపి 50 కిలోలు, గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నావనుకో. ఆ కదలికలో 625 జౌళ్ల శక్తి ఉంటుంది. బ్రేకు రబ్బర్లు రిమ్ముని నొక్కగానే అదంతా దాదాపు వేడైపోతుంది, మూడు టీస్పూన్ల నీళ్లను 10 డిగ్రీలు వేడెక్కించేంత. రిమ్ము మీద నూనె పడితే మాత్రం పట్టు పోతుంది, బండి ఆగదు.

అగ్గిపుల్ల సంగతి కాస్త వేరు. రాపిడి వేడికే పుల్ల మండుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ వేడి అగ్గిపెట్టె పక్కభాగం మీద పూసిన ఎర్ర భాస్వరాన్ని కొద్దిగా రగిలిస్తుంది, అంతే. దాంతో పుల్ల తలలోని పొటాషియం క్లోరేట్ ఆక్సిజన్ వదులుతుంది, అప్పుడు మంట అందుకుంటుంది. అందుకే అదే పుల్లను గోడకు గీస్తే మామూలుగా వెలగదు.