వైఫైకి కొత్త ఫోన్లు కనెక్ట్ కావట్లేదు: డీహెచ్‌సీపీ అడ్రసులు అయిపోయాయా?

ప్రశ్న: చుట్టాలొస్తే కొత్త ఫోన్లకు వైఫై రావట్లేదు, పాతవాటికి బాగానే వస్తోంది. ఎందుకు?

రౌటర్ డీహెచ్‌సీపీ పద్ధతిలో ఒక్కో పరికరానికి పంచే ఐపీ అడ్రసులు అయిపోయినట్టే ఉంది. విండోస్ లాప్‌టాప్‌ను కొత్తగా కనెక్ట్ చేసి కమాండ్ ప్రాంప్ట్‌లో `ipconfig` కొట్టండి. అడ్రస్ `169.254`తో మొదలైతే రౌటర్ నుంచి దానికి అడ్రస్ అందలేదు. రౌటర్ పేజీలోని క్లయింట్ లిస్టు కూడా నిండిపోయి ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

ఉదాహరణకు రౌటర్ పంచే అడ్రసుల పరిధి, అంటే పూల్, `192.168.1.100` నుంచి `192.168.1.149` వరకు, ఒక్కో అడ్రస్ ఇచ్చే గడువు, అంటే లీజు, 24 గంటలు అనుకుందాం. ఉన్నవి 50 అడ్రసులే. నిన్న వచ్చి వెళ్లిన ఫోన్ కూడా లీజు తీరేదాకా ఒకటి పట్టుకునే ఉంటుంది. అసలు గుర్తింపు నంబర్ బదులు వేరేది చూపే ప్రైవేట్ మ్యాక్ ఆన్‌లో ఉన్న ఫోన్‌లో వైఫైని ‘ఫర్గెట్’ చేసి మళ్లీ కనెక్ట్ చేస్తే, రౌటర్ దాన్ని కొత్త ఫోన్‌గా లెక్కేసి ఇంకో అడ్రస్ ఇవ్వొచ్చు.

ముందు పూల్ పెంచండి, అసలు మందు అదే. రౌటర్ `192.168.1.1` అయితే `192.168.1.20` నుంచి `192.168.1.250` వరకు పెడితే 231 అడ్రసులు వస్తాయి. ప్రింటర్, కెమెరాలకు చేత్తో ఇచ్చిన అడ్రసులు ఈ పరిధిలో ఉండకూడదు. ఉంటే అదే అడ్రస్ ఇంకో ఫోన్‌కు వెళ్లి రెండూ తగువు పడతాయి.

లీజు 4 గంటలు చాలు. కొన్ని రౌటర్లలో నిమిషాల్లో అడుగుతుంది, అక్కడ 240 వేయాలి. వాడుకలో ఉన్న ఫోన్ సగం గడువుకే రెన్యూ చేసుకుంటుంది కాబట్టి నెట్ తెగదు. మరీ 5 నిమిషాలకు దించితే మాత్రం రౌటర్ కాసేపు ఆగినా ఇంట్లో పరికరాలన్నీ అడ్రసులు పోగొట్టుకుంటాయి. పాత లీజులు పాత గడువుతోనే నడుస్తాయి, అందుకే లీజు తగ్గించిన ఫలితం మర్నాటికి గానీ పూర్తిగా కనిపించదు.