రీచ్ పడిపోతే ముందు ఎక్కడ పడిందో చూడు

తమ్ముడూ,

"రీచ్ 21 వేల నుంచి 900కి పడిపోయింది, ఇన్‌స్టాగ్రామ్ అల్గారిథమ్ నన్ను తొక్కేస్తోంది" అన్నావు. నువ్వు పంపిన నీ కథల పేజీ స్క్రీన్‌షాట్లన్నీ చూశాను. ఆ 21 వేలు ఒక్క వాన రీల్‌కి వచ్చినవి, దాన్ని పక్కన పెట్టు. ఆ నెలలో మిగతా వాటికి అటూ ఇటూగా 3 వేలే వచ్చాయి. కాబట్టి పడింది 3 వేల నుంచి 900కి. తక్కువేం కాదు, టెన్షన్ పడాల్సిందే, కానీ నువ్వు అనుకున్నంత కాదు.

ఇప్పుడు ఒక్కో పోస్టు ఇన్‌సైట్స్ తెరిచి ఫాలోవర్లు ఎందరు, బయటివాళ్లు ఎందరు అని విడదీయి. నీ 3 వేలల్లో ఫాలోవర్లు 800, బయటివాళ్లు 2,200. ఇప్పటి 900లో ఫాలోవర్లు 780, బయటివాళ్లు 120. అంటే నీ పాఠకులు ఎక్కడికీ పోలేదు, కొత్తవాళ్లు రావడమే ఆగింది. ఫాలోవర్ల అంకె కూడా వారం వారం కరుగుతూ వచ్చి ఉంటే, ముందు నీ రాతనే అనుమానించమనేవాణ్ణి.

బయటివాళ్లు ఎందుకు ఆగారు? ముందు సెట్టింగ్స్‌లో Account Status చూడు. నీ పోస్టులను ఫాలోవర్లు కానివాళ్లకు సూచించవచ్చో లేదో అక్కడే ఉంటుంది. అది బాగానే ఉంటే, తేదీలు చూసుకో: రీల్స్ మానేసి, కథను ఫొటో కార్డుల మీద పెట్టడం మొదలుపెట్టిన వారమే అంకె పడింది. కొత్తవాళ్లకు నిన్ను ఎక్కువగా చూపించేది రీల్సే కదా. నా అనుమానం దాని మీదే.

అల్గారిథమ్ మారితే దెబ్బ ఒక్కడికే తగలదు. 2018 జనవరిలో ఫేస్‌బుక్ స్నేహితుల, బంధువుల పోస్టులకు ప్రాధాన్యం పెంచుతామని బాహాటంగానే ప్రకటించింది, పేజీల రీచ్ తగ్గుతుందనీ అప్పుడే చెప్పింది. నీలాంటి కథలే, నీలాగే రాసే ముగ్గురు నలుగురిని అడుగు. వాళ్ల రీచ్ నీకు కనిపించదు కానీ రీల్స్ వ్యూస్ కనిపిస్తాయి, అదే వారంలో అవి కూడా పడ్డాయేమో చూడు. వాళ్లు నిలకడగా ఉంటే మార్పు నీ వైపే.

ఒక మోసం ఉంది, జాగ్రత్త. ఇప్పుడు నూటికి ఎక్కువమంది షేర్ చేస్తున్నారని సంబరపడ్డావు. చూసేవాళ్లలో దాదాపు అందరూ నీ పాతవాళ్లే, వాళ్లు ఎప్పుడూ ఎక్కువే షేర్ చేస్తారు. ఫాలోవర్ల నిష్పత్తి మారాక పాత శాతంతో కొత్త శాతాన్ని పోలిస్తే తప్పు లెక్కే వస్తుంది.

రెండు వారాలు టైమింగ్, విషయాలు మార్చకుండా సగం పోస్టులు మళ్లీ రీల్స్‌గా పెట్టు. హ్యాష్‌ట్యాగులు, శీర్షికలు, అన్నీ ఒకేసారి తిప్పేస్తే ఏది పనిచేసిందో నీకే తెలియదు. ఆ 120 పెరిగితే కారణం దొరికినట్టే. పెరగకపోతే పోస్టుల వారీగా రెండు అంకెలూ రాసి నాకు పంపు, మొత్తం రీచ్ ఒక్కటే పంపకు.

అన్న